అమ్మకు జీవిత హక్కు, పిల్లలకు శేష హక్కు: పర్లాకిమిడిలో ఒక వీలునామా

పర్లాకిమిడి బజారులో కిరాణా వ్యాపారం చేసిన ఒకాయన 2009లో తెలుగులో వీలునామా రాసి రిజిస్టరు చేయించారు. 2013లో కాలం చేశారు. ఆస్తంతా స్వార్జితం. బజారు వీధిలో మేడ, దాని కింద వీధివైపు మూడు దుకాణం గదులు, వెనక పెరట్లో కొబ్బరిచెట్లు, నాలుగు పెద్ద టేకుచెట్లు. ఇవి కాక బ్యాంకులో ఎనిమిది లక్షల డిపాజిట్టు. పిల్లలు ముగ్గురు: పెద్దకొడుకు, కూతురు, చిన్నకొడుకు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి, వకీలుగా నేను చూసిన ఈ కేసు రాస్తున్నాను.

వీలునామాలో అసలైనవి మూడు వాక్యాలు. "నా తదనంతరము పై యిల్లు, దుకాణములు నా భార్య తన జీవితకాలము అనుభవించుచు, అద్దెలు తీసుకొనుచు ఉండవలెను. ఆమెకు దాన విక్రయ తాకట్టు అధికారములు లేవు. ఆమె తదనంతరము నా యిద్దరు కుమారులు, కుమార్తె సమానముగా సంపూర్ణ హక్కులతో పొందవలెను." బ్యాంకు డిపాజిట్టు గురించి వేరే పేరా ఉంది. దాన్ని మాత్రం భార్యకు సర్వహక్కులతో ఇచ్చారు. ఈ తేడా తర్వాత చాలా పనికొచ్చింది.

ఆయన పోయాక వీలునామా నకలు పెట్టి తహశీలు ఆఫీసులో మ్యుటేషన్ చేయించుకున్నారు. పట్టా పెద్దావిడ ఒక్కరి పేరున వచ్చింది. జీవితకాలం వరకే అన్న మాట అందులో ఎక్కడా లేదు. మున్సిపాలిటీ పన్ను కూడా ఆవిడ పేరునే. 2018లో కూతురు జబ్బుచేసి పోయింది. ఆమెకు భర్త, చిన్నపిల్ల ఉన్నారు. అల్లుడిది టెక్కలి.

2022లో పెద్దావిడ, చిన్నకొడుకు కలిసి నా దగ్గరకొచ్చారు. మూల మీది దుకాణం గదిని పక్క బట్టల వ్యాపారికి పద్దెనిమిది లక్షలకు అమ్మేట్టు ఒప్పందం రాసి, రెండు లక్షలు బయానా తీసుకున్నారు. ఆవిడకు తుంటి ఆపరేషన్ విశాఖపట్నంలో చేయించాలి, చిన్నకొడుకుకి అప్పులు తీర్చాలి. పెద్దకొడుకు ఒప్పుకోవడం లేదు. రిజిస్ట్రేషన్ రోజున అడ్డం పడతాడేమోనన్న భయంతో వచ్చారు.

"పట్టా నా పేరునే ఉంది కదా బాబూ. పన్ను నేనే కడతన్నాను. మరి నా సంతకం సెల్లదంటే ఎలాగ?" అన్నారు పెద్దావిడ.

పట్టా హక్కును పుట్టించదు. రెవెన్యూ వాళ్లు శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకునే రికార్డు అది. ఆవిడ హక్కు వీలునామాలోంచి వచ్చింది కాబట్టి వీలునామా ఎంత ఇస్తే అంతే. నేను పట్టా పక్కన పెట్టి వీలునామా అసలు కాగితం తెమ్మన్నాను. తెచ్చినదాన్ని ఆవిడ ముందే చదివాను. "దాన విక్రయ తాకట్టు అధికారములు లేవు" అన్న చోట చిన్నకొడుకు తల దించుకున్నాడు. అతనికి ఆ వాక్యం ముందే తెలుసు.

ఇలాంటి కేసులో అన్నిటికన్నా ముందు తేలాల్సింది, 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆవిడ జీవిత హక్కును పూర్తి హక్కుగా మార్చిందా లేదా అన్నది. కొనేవాళ్ల వకీలు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. 14(1) ప్రకారం హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె పూర్తి యజమాని, పరిమిత హక్కుదారు కాదు. 14(2) దానికి మినహాయింపు. దానం, వీలునామా, డిక్రీ లాంటి దస్తావేజు ద్వారా ఆస్తి వచ్చి, ఆ దస్తావేజే పరిమిత హక్కు అని చెప్తే 14(1) వర్తించదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందన్నదే దశాబ్దాలుగా నడుస్తున్న వివాదం.

ఎదుటి వకీలు తులశమ్మ కేసు చూపించారు. మన తెలుగువాళ్ల కేసే. తులశమ్మ భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగా పోయాడు. 1944లో ఆవిడ భరణం కోసం కోర్టుకెళ్లింది. 1949లో రాజీ కుదిరి, కొన్ని ఆస్తులు జీవితకాలం అనుభవించమని ఆవిడకు ఇచ్చారు. తర్వాత ఆవిడ వాటిలో కొంత అమ్మితే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1977లో కోర్టు చెప్పిందేమిటంటే, భరణం హక్కు ఆవిడకు ముందునుంచీ ఉంది, రాజీ కాగితం కొత్త హక్కేమీ ఇవ్వలేదు, ఉన్న హక్కుకు బదులుగా ఆస్తి ఇచ్చింది, కాబట్టి 14(1) కింద ఆవిడే పూర్తి యజమాని. ఈ తీర్పు పట్టుకుని "భార్యకు భరణం హక్కు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి భర్త ఇచ్చిన ఏ జీవిత హక్కయినా పూర్తి హక్కే" అని చాలామంది వాదిస్తారు. 2015లో ఆంధ్ర నుంచి వెళ్లిన ఒక కేసులో, 1920 నాటి వీలునామా మీద, సుప్రీంకోర్టు దాదాపు ఆ వైపే తీర్పిచ్చింది కూడా.

మా కేసు అలా పోదని నాకు అనిపించింది. కారణం ఆ వీలునామా రాసిన కాలం, రాసిన తీరు. 1956 తర్వాత హిందువు తన స్వార్జితాన్ని ఎవరికైనా, ఎంతమేరకైనా వీలునామా రాసుకోవచ్చని అదే చట్టం 30వ సెక్షన్ చెప్తుంది. 2006లో సాధు సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చూసింది. అక్కడ భర్త భార్యకు జీవిత హక్కు, తర్వాతి హక్కు తన వైపు బంధువులకు రాశాడు. భార్య ఆ భూమిని గురుద్వారాకు దానం చేసింది. వీలునామా స్పష్టంగా పరిమిత హక్కు ఇచ్చినప్పుడు 14(2) వర్తిస్తుందని, దానం ఆవిడ జీవితకాలం దాటి చెల్లదని తేల్చారు. 2022 ఫిబ్రవరిలో జోగిరాం కేసులోనూ అదే దారి. మా వీలునామాలో "పోషణ నిమిత్తం" అన్న మాట లేదు, ఉమ్మడి ఆస్తి ప్రస్తావన లేదు, డిపాజిట్టు ఆవిడకు సర్వహక్కులతో వేరే ఇచ్చారు. అంటే ఆవిడకు పూర్తిగా ఏది ఇవ్వాలో, అనుభవానికి ఏది ఇవ్వాలో ఆయన ఆలోచించి విడివిడిగా రాశారు. భరణానికి బదులుగా ఇల్లు ఇచ్చారన్న వాదన నిలబడటానికి ఆ కాగితంలో ఆధారం దొరకదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాను. ఈ గీత మీద సుప్రీంకోర్టు తీర్పులే రెండు రకాలుగా ఉన్నాయి, వందకు వంద పాళ్లు ఎవరూ హామీ ఇవ్వలేరు. తర్వాత 2024 డిసెంబరులో తేజ్ భాన్ కేసులో ఇద్దరు జడ్జిల బెంచి ఈ తీర్పుల మధ్య పొందిక లేదని చెప్పి ప్రశ్నను పెద్ద బెంచికి నివేదించింది. ఇలాంటి అనిశ్చితి మీద పద్దెనిమిది లక్షలు పెట్టి కొనడం ఆ వ్యాపారికీ మంచిది కాదు. ఆ మాట ఆయన వకీలుతో కూడా అన్నాను. తులశమ్మ తీర్పు తన కక్షిదారుకు రక్షణ ఇస్తుందని ఆయన నమ్మితే, ఆ రక్షణ దొరికేది పదేళ్ల దావా చివరనే.

పెద్దావిడకు ఇంకో నమ్మకం ఉంది. మా వైపు ఊళ్లలో పెద్దవాళ్లంతా అదే చెప్తారు: విధవరాలికి అమ్మే హక్కు లేకపోయినా, ఆపరేషనో ఆడపిల్ల పెళ్లో లాంటి అవసరం వస్తే అమ్ముకోవచ్చని. ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. 1956కు ముందు శాస్త్రంలో, కొడుకుల్లేని భర్త ఆస్తి భార్యకు వారసత్వంగా వస్తే, చట్టబద్ధమైన అవసరానికి ఆమె అమ్మితే అది తర్వాతి వారసుల్ని కూడా కట్టేసేది. అక్కడ ఆమె యజమానే, కాకపోతే అమ్మకం మీద హద్దులుండేవి. వీలునామాలో ఇచ్చిన జీవిత హక్కు స్వభావం వేరు. ఇక్కడ ఆమెకు ఇచ్చింది బతికున్నంతకాలపు అనుభవం మాత్రమే, మిగతాది అదే క్షణంలో వేరేవాళ్లకు ఇచ్చేశారు. తనది కానిదాన్ని ఎంత అవసరమున్నా అమ్మలేరు. అవసరానికి అమ్ముకోవచ్చని వీలునామాలోనే రాసి ఉంటే తప్ప అవసరం అన్న వాదన నిలబడదు. పెద్దాయన ఒక్క వాక్యం, "వైద్యము నిమిత్తము అవసరమైనచో ఒక దుకాణము విక్రయించుకొనవచ్చును" అని రాసి ఉంటే ఈ కేసే వచ్చేది కాదు. ఇప్పుడు ఎవరు వీలునామా రాయించుకోవడానికి వచ్చినా నేను ఆ వాక్యం గురించి అడగకుండా పంపను.

మరి ఆవిడ చేయగలిగినవి ఏమిటి? ఇక్కడ పెద్దకొడుకుకీ కొన్ని సంగతులు చెప్పాల్సొచ్చింది. అమ్మకు అమ్మే హక్కు లేదని వినగానే అతను ఇల్లు తమదే అయినట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆవిడ బతికున్నంతకాలం స్వాధీనం ఆవిడదే. కొడుకులు ఆవిడను ఆ మేడలోంచి కదపలేరు, పంపకం అడగలేరు, అద్దెలో వాటా అడగలేరు. మూడు గదుల అద్దె నెలకు పదిహేను వేలు వస్తుంది. దాన్ని ఎలా ఖర్చు పెట్టినా లెక్క చెప్పనవసరం లేదు. అద్దెలోంచి మిగిల్చుకున్న డబ్బు పూర్తిగా ఆవిడది, దానితో బంగారం కొన్నా, స్థలం కొన్నా దానికి జీవిత హక్కు బంధం అంటదు, ఎవరికైనా రాసివ్వొచ్చు. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడానికి దావా వేయాలన్నా ఆవిడే వేస్తారు, కొడుకుల సంతకం అక్కర్లేదు.

దుకాణాలు అద్దెకు ఇవ్వొచ్చు. కాకపోతే ఆ అద్దె ఒప్పందం ఆవిడ ప్రాణంతో ముడిపడి ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం 111(సి) ప్రకారం, అద్దెకిచ్చినవాళ్ల హక్కు ఏ సంఘటనతో ముగుస్తుందో ఆ సంఘటనతోటే లీజూ ముగుస్తుంది. మందుల దుకాణం వాళ్లు తొమ్మిదేళ్ల లీజు అడిగి, లోపల చల్లటి గది, అద్దాలు పెట్టుకుంటామన్నారు. ఆవిడ ఒక్కరి సంతకంతో తీసుకుంటే, ఆవిడ పోయిన మర్నాడు పిల్లలు ఖాళీ చేయమనొచ్చు. పెద్ద పెట్టుబడి పెట్టే కిరాయిదారు ఎవరైనా పిల్లల సంతకాలు కూడా అడగాలి.

తన జీవిత హక్కును ఆవిడ వేరేవాళ్లకు బదిలీ కూడా చేయొచ్చు. నిజానికి ఒప్పందం ప్రకారం ఆవిడ క్రయ దస్తావేజు రాసిచ్చినా అది మొత్తంగా చిత్తుకాగితం కాదు. ఆవిడ దగ్గరున్నదేదో, అంటే ఆవిడ బతికున్నంతకాలం ఆ గదిని అనుభవించే హక్కు, కొన్నవాళ్లకు వెళ్తుంది. ఆవిడకు అప్పటికి 71 ఏళ్లు. పద్దెనిమిది లక్షలకు ఆ వ్యాపారి కొనేది అంతే. నాకు తెలిసి ఇలా కొన్నవాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతి ముసలావిడ దినవారాలు అయ్యాకే తెలుస్తుంది.

వద్దని గట్టిగా చెప్పింది పెరట్లో టేకుచెట్ల సంగతి. చిన్నకొడుకు ఓ కలప వ్యాపారితో మాట్లాడి వచ్చాడు. కొబ్బరికాయలు ఫలసాయం, అవి ఆవిడవి. పెద్ద టేకుచెట్టు నరికి అమ్మడం ఆస్తి మూలధనాన్ని తరిగించడం. అలాగే మేడ గోడలు పడగొట్టి మార్చడం, కప్పు కారుతున్నా బాగుచేయించకుండా వదిలేయడం. మామూలు మరమ్మతులు, పన్ను అద్దెలోంచి ఆవిడే చూసుకోవాలి. నష్టం చేస్తుంటే పిల్లలు ఇప్పుడే ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు, ఆవిడ పోయేదాకా ఆగనక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. బయానా వెనక్కివ్వడం ఆవిడకు ఇష్టం లేదు, కొనేవాళ్లకూ ఆ గది కావాలి. అమ్మకం చట్టబద్ధంగా జరగాలంటే జీవిత హక్కుదారు, ఆవిడ తర్వాత ఆస్తి చేరాల్సిన శేష హక్కుదారులందరూ ఒకే దస్తావేజులో చేరాలి. ఇద్దరి హక్కులూ కలిస్తే ఆస్తి పూర్తవుతుంది, కొన్నవాళ్లకు పూర్తి యాజమాన్యం వెళ్తుంది. "అయితే మేమిద్దరం అన్నదమ్ములం సంతకం పెడితే సరిపోద్ది కదండీ. మా అక్క పోయింది. అమ్మ బతికుండగానే పోయింది కాబట్టి ఆవిడ వాటా ఇంకేటుంది?" అన్నాడు చిన్నకొడుకు. పెద్దకొడుకు కూడా ఇందులో తమ్ముడితో ఏకీభవించాడు. అన్ని విషయాల్లో కొట్టుకున్నవాళ్లు ఈ ఒక్కదానిలో కలిశారు.

ఇక్కడే చాలా కుటుంబాలు పొరపాటు పడతాయి. 1925 భారత వారసత్వ చట్టం 119వ సెక్షన్ దీని మీదే ఉంది. వీలునామా ద్వారా వచ్చినదాన్ని వెంటనే స్వాధీనం చేసుకునే వీలు లేకపోయినా, సమయం వచ్చినప్పుడు తీసుకునే హక్కు వీలునామా రాసినాయన చనిపోయిన రోజునే దఖలు పడుతుంది, వీలునామాలో వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప. ఆ హక్కుదారు మధ్యలో చనిపోతే అది వాళ్ల వారసులకు వెళ్తుంది. చట్టంలో ఇచ్చిన ఉదాహరణే మన కేసులాంటిది: ఒకరికి జీవితకాలం, తర్వాత ఇంకొకరికి. 2013లో తండ్రి పోయిన రోజునే కూతురికి మూడో వంతు శేష హక్కు వచ్చేసింది. ఆమెకు రావాల్సింది స్వాధీనం ఒక్కటే. 2018లో ఆమె పోయినప్పుడు ఆ మూడో వంతు హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్తకు, కూతురికి చెరిసగం, అంటే మొత్తంలో ఆరో వంతు చొప్పున వెళ్లింది. "నా భార్య తదనంతరము అప్పటికి జీవించియున్న పిల్లలు" అని పెద్దాయన రాసి ఉంటే సమాధానం మారేది. ఆయన అలా రాయలేదు. కుమారులు, కుమార్తె ముగ్గురికీ సమానంగా అనే రాశారు.

ఈ దఖలు పడిన హక్కుకు ఇంకో ముఖం ఉంది. చిన్నకొడుకు వాటా కూడా ఇప్పుడే అతనిది కాబట్టి, అతని అప్పులవాళ్లు డిక్రీ తెచ్చుకుంటే ఆ మూడో వంతు శేష హక్కును జప్తు చేయించొచ్చు. అమ్మ స్వాధీనానికి అప్పుడూ భంగం ఉండదు, కానీ అమ్మ పోయాక అన్నకు వాటాదారుగా ఓ వడ్డీవ్యాపారి రావచ్చు. పెద్దకొడుకు అమ్మకానికి మెత్తబడటానికి ఈ ముక్కే ఎక్కువ పనిచేసిందని నా అంచనా. తమ్ముడి అప్పు తీరకపోతే ఇల్లు చీలుతుంది.

కూతురి కూతురికి అప్పటికి పదకొండేళ్లు. మైనరు. తండ్రి సహజ సంరక్షకుడే అయినా, హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందస్తు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తి హక్కును అమ్మలేడు. అమ్మితే ఆ పిల్ల మేజరయ్యాక మూడేళ్లలోగా రద్దు చేయించుకోవచ్చు. అల్లుడు టెక్కలి కోర్టులో వేద్దామన్నాడు, దగ్గరని. ఆస్తి ఎక్కడుంటే అక్కడి జిల్లా కోర్టుకే వెళ్లాలి, అంటే పర్లాకిమిడిలో గజపతి జిల్లా జడ్జి కోర్టుకి. తెలుగు వీలునామాకు అనువాదం జతచేసి పిటిషన్ వేశాం.

అనుమతి ఊరికే రాదు. మైనరుకు అవసరం గానీ స్పష్టమైన ప్రయోజనం గానీ ఉండాలని చట్టం. అమ్మమ్మ తుంటి ఆపరేషన్ మైనరు అవసరం కాదు, మేనమామ అప్పు అసలే కాదు. మేం పెట్టిన వాదన వేరు. అమ్మమ్మ బతికున్నంతకాలం ఆ పిల్లకు ఈ గది మీద ఒక్క రూపాయి రాదు. ఇప్పుడు అమ్మితే ఆమె వాటా డబ్బుగా మారి ఈ రోజు నుంచే వడ్డీ తెస్తుంది, మిగతా మేడలో, రెండు గదుల్లో ఆమె ఆరో వంతు అలాగే ఉంటుంది. జడ్జిగారు వాదనను అంగీకరించే ముందు అడిగిన ప్రశ్న సరైనది: జీవిత హక్కు విలువ ఎలా కట్టారు? అమ్మమ్మకు ఎక్కువ చూపిస్తే మైనరుది తగ్గుతుంది కదా.

దానికి మేం చేసిన లెక్క కాగితం మీద ఇలా ఉంది. ఆ గది అద్దె నెలకు ఆరు వేలు, ఏడాదికి డెబ్బై రెండు వేలు. ఆవిడకు 71 ఏళ్లు, ఆరోగ్యం అంతంతమాత్రం. ఆరేళ్ల మూడు నెలల అద్దె, అంటే నాలుగున్నర లక్షలు ఆవిడ వాటాగా పెట్టాం. మిగిలిన పదమూడున్నర లక్షలు మూడు భాగాలు, ఒక్కోటి నాలుగున్నర. కూతురి భాగంలో అల్లుడికి రెండుంపావు, మైనరుకి రెండుంపావు. ఈ లెక్కకు చట్టంలో ఒకే సూత్రం అంటూ లేదు, వయసూ ఆదాయమూ చూసి న్యాయంగా ఉందనిపించాలి. అద్దె రసీదులు, ఆసుపత్రి కాగితాలు, పక్క గదుల ధర చూపే రెండు క్రయ దస్తావేజుల నకళ్లు పెట్టాం. మైనరు రెండుంపావు లక్షలు ఆమె మేజరయ్యేదాకా జాతీయ బ్యాంకులో డిపాజిట్టుగా ఉంచాలన్న షరతుతో అనుమతి వచ్చింది.

ఈలోగా ఎదుటి వకీలు ఇంకో దారి చూపించారు. పట్టా ఆవిడ పేరున ఉంది, తమ కక్షిదారు దాన్ని నమ్మి మంచి మనసుతో కొన్నాడంటే ఆస్తి బదిలీ చట్టం 41వ సెక్షన్ కాపాడుతుంది కదా, పిల్లల సంతకాలెందుకని. ఆ రక్షణకు రెండు షరతులున్నాయి. అసలు హక్కుదారుల సమ్మతితోనే ఆవిడ పైకి యజమానిగా కనబడి ఉండాలి, కొనేవాడు తగిన విచారణ చేసి ఉండాలి. మ్యుటేషన్ కేసు ఫైలు తీసి చూస్తే మొదటి కాగితమే వీలునామా. అది చూడనివాడు విచారణ చేసినట్టు కాదు. పైగా మైనరు సమ్మతి ఎక్కడనుంచి వస్తుంది? ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొనేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఇంకో సంగతి గడువు గురించి. ఆవిడ ఒక్కరి దగ్గరే కొని, ఇరవై ఏళ్లు స్వాధీనంలో ఉండి, ఇక ఎవరూ కదపలేరనుకుంటారు. 1963 లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ వివరణ చూస్తే ఆ ధీమా ఉండదు. శేష హక్కుదారుల మీద ప్రతికూల స్వాధీనం లెక్క మొదలయ్యేది వాళ్ల హక్కు స్వాధీనానికి వచ్చినప్పుడు, అంటే జీవిత హక్కుదారు పోయిన రోజు నుంచి. అక్కడనుంచి పన్నెండేళ్లు వాళ్లకు టైముంది. ఆవిడ ఇంకో పదిహేనేళ్లు బతికితే, ఆ తర్వాత కూడా పన్నెండేళ్లు కొన్నవాడి నెత్తిన దావా వేలాడుతుంది.

ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, దాని సంగతి ఒక్క ముక్క చెప్పాలి, ఒడిశాలో ఇది ఊరిని బట్టి మారుతూ వచ్చింది. 1870 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు కింద ఉన్న కటక్ వైపు హిందూ వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నియమం ఉండేది. మా గంజాం, పర్లాకిమిడి వైపు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి అది ఇక్కడికి రాలేదు. కటక్ నుంచి వచ్చిన ఓ బ్యాంకు అధికారి ప్రొబేట్ లేకుండా కుదరదని డిపాజిట్టు దగ్గర కొన్ని వారాలు ఆపేశారు, ఈ చరిత్ర రాసిస్తే వదిలారు. కానీ ప్రొబేట్ అక్కర్లేదంటే రుజువు అక్కర్లేదని కాదు. రిజిస్టరయినా సరే, దాన్ని రుజువు చేయాల్సివస్తే సాక్షి సంతకం చేసినవాళ్లలో కనీసం ఒకరిని కోర్టులో నిలబెట్టాలి. ఇద్దరు సాక్షుల్లో ఒకరే బతికున్నారు. ఆయన చేత అఫిడవిట్ రాయించి ఫైలులో పెట్టాను.

క్రయ దస్తావేజు 2023లో రిజిస్టరయింది. అమ్మేవాళ్లు ఐదుగురు: మొదటి నంబరు పెద్దావిడ, జీవిత హక్కు మేరకు, తర్వాత కొడుకులిద్దరు, అల్లుడు, తండ్రి ద్వారా మైనరు, శేష హక్కు మేరకు. వీలునామా, కూతురి మరణం, కోర్టు అనుమతి మూడూ దస్తావేజు మొదట్లోనే వివరంగా రాయించాను. ఈ వివరణ లేకపోతే రేపు కొన్నవాళ్లు ఆ గది తాకట్టు పెట్టడానికి బ్యాంకుకి వెళ్తే ఇదంతా మొదటినుంచి మళ్లీ అడుగుతారు.

పెద్దావిడ ఆపరేషన్ విశాఖపట్నంలో అయింది. మిగతా మేడకు, రెండు గదులకు పట్టా సరిచేయమని తహశీల్దారుకి దరఖాస్తు పెట్టాం, జీవిత హక్కు అన్న మాట రిమార్కుల్లో ఎక్కించమని. శేష హక్కుదారుల పేర్లు కూడా అందులో రాయమన్నాం. చిన్నకొడుకు దానికి మొదట ఒప్పుకోలేదు, తన పేరు కనిపిస్తే అప్పులవాళ్లు వస్తారని. అప్పటికి అప్పులో ఎక్కువ భాగం తీర్చేశాడు కాబట్టి చివరికి సంతకం పెట్టాడు.

చివరగా పెద్దావిడ తన సొంత వీలునామా రాయించుకున్నారు. భర్త ఇచ్చిన డిపాజిట్టు, అద్దెల్లో మిగిల్చినది, గది అమ్మకంలో వచ్చిన నాలుగున్నర లక్షల్లో ఆసుపత్రి ఖర్చు పోగా మిగిలినది, ఇవన్నీ సంపూర్ణ హక్కుతో ఆవిడవే. వాటిని మనవరాలి పేరున రాశారు. మేడ గురించి కూడా రాయమన్నారు, చిన్నకొడుక్కి కాస్త ఎక్కువ ఇవ్వాలని ఉందన్నారు. ఆ మేడలో ఆవిడ హక్కు ఆవిడ ఊపిరితోటే ముగుస్తుంది, వీలునామాలో ఇవ్వడానికి మిగలదు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే వాడికి నా గాజులు రాయి బాబూ" అన్నారు. నాలుగు బంగారు గాజులు, తూకంతో సహా, ఆ వీలునామాలో రెండో పేరాలో చేర్చాను.